పూల్‌లో పాత బ్యాచ్‌వాళ్లని ఎప్పుడు, ఎక్కడ పలకరించాలి?

కొత్తఈత | మే 26, ఉదయం 8:20

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే, కానీ నాలుగు రోజులుగా మనసులో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్తారని రాస్తున్నాను.

మాది విజయవాడ, నాకు 34 ఏళ్లు. ఏప్రిల్‌లో 21 రోజుల క్యాంప్‌లో ఈత నేర్చుకున్నాను. ఈ నెల నుంచి ఉదయం 6 నుంచి 7 వరకు ఉండే రెగ్యులర్ బ్యాచ్‌లో చేరాను. ఆడా మగా కలిసే వస్తారు. రోజూ పాతికమంది దాకా ఉంటాం, అందులో సగం మంది ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు. వాళ్లంతా లోతు తక్కువ ఉన్న వైపు గోడకి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటారు. నేను మెట్లు దిగి నీళ్లలోకి రాగానే ఆ కబుర్లు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నా భ్రమే కావచ్చు.

వాళ్లలో 65 ఏళ్లు దాటిన పెద్దాయన ఒకరున్నారు. చాలా బాగా ఈదుతారు. ఆయన ఈదుకుంటూ వచ్చి గోడ దగ్గర ఆగగానే ఎదురుగా వెళ్లి "నమస్తే బాబాయ్ గారూ" అన్నాను. నా వైపే చూశారు. ఏమీ అనకుండా గోడని తన్ని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. మూడో రోజు ముఖం కూడా చిట్లించారు. అప్పటి నుంచి ఎవరినీ పలకరించట్లేదు. తల వంచుకుని వెళ్లడం, ఈదడం, వచ్చేయడం.

కొత్తవాళ్లు అలా ఉండడమే పద్ధతా? లేక నేనే ఏదైనా పొరపాటు చేశానా?

ఓరుగల్లు | మే 26, ఉదయం 9:05

పొరపాటు మీది కాదు మేడం. మీరు చేసింది మంచి పని. కొత్తగా వచ్చినవాళ్లే ముందు పలకరించాలి. మా వరంగల్‌లో బావుల్లో ఈత కొట్టే రోజుల నుంచీ అంతే. బావి గట్టు మీదికి కొత్త పిల్లగాడు వస్తే "అన్నా, నమస్తే" అని అందరికీ వినబడేలా అనేది. నడుముకు బెండు కట్టుకుని దిగినవాడిని కూడా పెద్దోళ్లు ఒక కంట కనిపెట్టుకుని ఉండేది.

మీరు నెమ్మదిగా అన్నారేమో. గట్టిగా అనండి. ఈదుతున్నవాళ్లయినా సరే, పక్క నుంచి పోతుంటే "గుడ్ మార్నింగ్ సార్" అనండి. రెండు రోజులు వింటే మూడో రోజు వాళ్లే పలకరిస్తారు.

పిల్లలతండ్రి | మే 26, ఉదయం 9:40

పూల్‌లో పిలిచినా పలకట్లేదంటే చాలా సీరియస్ విషయం అండి. లైఫ్‌గార్డ్ పలకకపోతే వెంటనే ఆఫీసులో రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి. మా బాబుని చేర్పిద్దామనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నా, గార్డు అసలు ఉంటాడా లేదా?

కొత్తఈత | మే 26, ఉదయం 10:15

అయ్యో, గార్డు గురించి కాదండి. ఆయన గట్టు మీదే ఉంటారు, జాగ్రత్తగానే చూస్తారు. తోటి ఈతగాళ్లు పలకరింపుకి పలకట్లేదని నా బాధ.

మైనస్5 | మే 26, మధ్యాహ్నం 1:10

ఆ పెద్దాయన స్థానంలో నేనుంటే ఏం జరిగేదో చెప్తాను.

నా రెండు కళ్లకీ మైనస్ 5 పవర్. కళ్లజోడు తీస్తే జానెడు దూరం దాటాక ఏదీ స్పష్టంగా ఉండదు, అంటే 20 సెంటీమీటర్లు. పూల్‌లోకి దిగేముందు కళ్లజోడు లాకర్‌లో పెట్టి మామూలు గాగుల్స్ పెట్టుకుంటాను. గోడ దగ్గర ఆగినప్పుడు రెండు మీటర్ల అవతల ఒక మనిషి ఉన్నారని తెలుస్తుంది, టోపీ రంగు తెలుస్తుంది. ముఖం తెలియదు. నవ్వారో లేదో అసలే తెలియదు. దానికితోడు గాగుల్స్ లోపల ఆవిరి పడుతుంది. నేను మీ వైపు తిరిగి ఉంటే మీకు "నన్నే చూస్తున్నాడు" అనిపిస్తుంది, నాకు మాత్రం మీరొక రంగు మచ్చ.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పూల్‌లో ఒకాయన రెండు నెలలు నాతో మాట్లాడడం మానేశారు. నేను పొగరుబోతునని అనుకున్నారట. లిఫ్ట్‌లో కళ్లజోడుతో ఉన్న నన్ను చూసి, నేనే ముందు నమస్తే అంటే ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత పవర్ ఉన్న గాగుల్స్ కొనుక్కున్నాను. చెవుల కిందికి దిగే సిలికాన్ క్యాప్ ఉంటే మాట కూడా సగమే వినబడుతుంది.

ముఖం చిట్లించారన్నారు చూడండి, దూరపు చూపు సరిగా లేనివాళ్లందరం మనిషిని పోల్చుకోవడానికి కళ్లు అలాగే చిట్లిస్తాం. కోపం కాకపోవచ్చు.

కాలువగట్టు | మే 26, సాయంత్రం 6:30

అమ్మా, నాదీ విజయవాడే. చిన్నప్పుడు ఏలూరు కాలువలో ఈత నేర్చుకున్నాను, 19 ఏళ్లుగా పూల్‌కి వెళ్తున్నాను. మీ పూల్ కాదు, వేరేది. మైనస్5 గారు చెప్పింది చాలావరకు నిజం. కానీ మూడు రోజులూ ఒకేలా జరిగిందంటే ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రెండు ప్రశ్నలు అడుగుతాను.

పూల్ అడుగున పొడుగ్గా నల్ల గీతలు ఉంటాయి కదా. ఆయన్ని పలకరించినప్పుడు మీరు ఆ గీతకి ఎదురుగా నిలబడ్డారా, రెండు గీతల మధ్యనా? ఆయన ఆగినప్పుడు గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తుకున్నారా, కళ్లకే ఉన్నాయా?

కొత్తఈత | మే 26, రాత్రి 9:00

గాగుల్స్ కళ్లకే ఉన్నాయండి, అది బాగా గుర్తు. గీత సంగతి ఎప్పుడూ గమనించలేదు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడికి నడిచి వెళ్లాను. అంటే ఆయనకి సరిగ్గా ఎదురుగానే నిలబడి ఉంటాను.

కాలువగట్టు | మే 27, ఉదయం 8:45

అదే అనుకున్నాను. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ నల్ల గీత గోడ దాకా రాదు. గోడకి 2 మీటర్ల ముందే ఆగిపోయి, అక్కడ అడ్డంగా ఇంకో గీత ఉంటుంది, ఇంగ్లీషు T అక్షరంలా. నీళ్లలో తల ముంచి ఈదేవాడికి ముందేముందో కనబడదు. కింది గీతే దారి. అడ్డగీత కనబడగానే గోడ వచ్చిందని లెక్క, చెయ్యి చాచి అందుకోవడమో, తిరగడమో చేస్తాడు. గీతకీ గోడకీ మధ్య ఉన్న ఆ 2 మీటర్ల జాగాలో మనం నిలబడితే, రోడ్డు మలుపులో బండి ఆపినట్టే. పాతవాళ్లకి చిరాకు తెప్పించే మొదటి సంగతి అది. మనం పలకరించామా లేదా అన్నది వాళ్ల బుర్రలోకి కూడా వెళ్లదు, "దారిలో ఎవరో ఉన్నారు" అన్నదే వెళ్తుంది. అందుకని గోడ దగ్గర ఎప్పుడు నిలబడినా రెండు గీతల మధ్య, వీలైతే మూలకి జరిగి నిలబడండి. దానితోనే పాతవాళ్లకి మీ మీద సగం గౌరవం వస్తుంది.

ఇక రెండోది, ఊపిరి. ఆయన నాలుగు రౌండ్లు ఆపకుండా వేసి వచ్చారనుకోండి. 25 మీటర్ల పూల్‌లో నాలుగు రౌండ్లంటే 100 మీటర్లు. వచ్చి గోడ పట్టుకుంటే మొదటి నాలుగైదు ఊపిర్లు ఒంటికే చాలవు, మాట బయటికి రాదు. చాలామంది 15, 20 సెకన్లు ఆగి మళ్లీ బయల్దేరతారు. ఆ ఆగడం విశ్రాంతి అని మనం అనుకుంటాం, వాళ్లకి అది లెక్కలో భాగం. గడియారం వైపు చూస్తూ ఉంటారు. గాగుల్స్ కళ్లకే ఉన్నాయంటే ఇంకా ఈత అయిపోలేదని అర్థం. గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తి, ముఖం తుడుచుకుని, గోడకి వీపు ఆనించి నిలబడ్డారనుకోండి, అప్పుడు మాటకి సిద్ధంగా ఉన్నట్టు. అప్పుడైనా దగ్గరికి వెళ్లకుండా, ఉన్నచోటు నుంచే చెయ్యి కాస్త పైకెత్తితే చాలు.

నా అనుభవంలో మొదటి పరిచయానికి నీళ్లు సరైన చోటు కాదు. దిగేముందు షవర్ దగ్గర, లేదా అయిపోయాక తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు పలకరించండి. అప్పుడు చెవులు ఖాళీ, కళ్లజోడు ముఖాన ఉంటుంది, ఊపిరి కుదుటపడి ఉంటుంది.

ఓరుగల్లు | మే 27, ఉదయం 9:30

పెద్దాయన చెప్పింది బాగుంది. కానీ ఇన్ని లెక్కలు చూసుకుంటే మనిషి నోరు తెరిచేదెప్పుడు? బెంచీ దగ్గర ఎవరి తొందర వాళ్లది, ఆఫీసులకి పరుగు. నీళ్లలోనే మనిషి తీరిగ్గా ఉంటాడు. ఈదేవాడిని పక్క నుంచి పలకరిస్తే తప్పేంటి?

కాలువగట్టు | మే 27, ఉదయం 10:10

తప్పొప్పుల మాట కాదు బాబూ. ఫ్రీస్టైల్ వేసేవాడు తల పక్కకి తిప్పి ఊపిరి తీసేది అర సెకను. ఆ అర సెకనులో మన కేక వినబడి అటు చూశాడా, నవ్వాడా, నోట్లోకి నీళ్లు పోతాయి. నాకు రెండుసార్లు అయింది. దగ్గుతో పొలమారి, గోడ పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డాను. తల పైకి పెట్టి నెమ్మదిగా బ్రెస్ట్‌స్ట్రోక్ వేసే పెద్దవాళ్లుంటారు చూడండి, వాళ్లని పలకరించొచ్చు. వాళ్లు ఈదుతూనే ఊరంతటి కబుర్లూ చెప్తారు. బావిలో మీరు చూసిందీ ఆ ఈతే అయ్యుంటుంది. అక్కడ తలలన్నీ పైనే ఉండేవి, అందుకే కేక వేస్తే పలికేవాళ్లు.

కొత్తవాళ్లే ముందు పలకరించాలన్న మీ మాట మాత్రం నేను ఒప్పుకుంటాను.

ఓరుగల్లు | మే 27, ఉదయం 10:25

అవును, బావిలో ఎవడూ తల ముంచేది కాదు. ఆ సంగతి తట్టలేదు.

యారానది | మే 27, మధ్యాహ్నం 12:50

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడ లేన్‌ల చివర స్లో, మీడియం, ఫాస్ట్ అని బోర్డులు పెడతారు, ఎడమవైపే ఈదాలని రాసి ఉంటుంది. వచ్చిన కొత్తలో నాకూ ఇదే టెన్షన్. ఒకరే ఈదుతున్న లేన్‌లోకి దిగాలంటే అడగాలా వద్దా తెలిసేది కాదు. ఒకరోజు అలాగే దిగిపోయాను. ఎదురుగా వస్తున్నామె తల నా భుజానికి తగిలింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు కానీ చాలా సిగ్గేసింది.

తర్వాత పాతవాళ్లని చూసి నేర్చుకున్నాను. గట్టు మీద కూర్చుని, లేన్ మూలలో కాళ్లు నీళ్లలో వేలాడేస్తారు. ఈదేవాళ్లు గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఆ కాళ్లు కనబడతాయి. వాళ్లు ఆగి తల ఊపుతారు, లేదా ఒక పక్కకి జరుగుతారు. అప్పుడు దిగడమే. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా ఉండదు, అయినా పలకరింపు అయిపోయినట్టే. మన దగ్గర చాలా పూల్స్‌లో లేన్ తాళ్లు కట్టరు కాబట్టి ఇంకా అవసరమేమో.

సంపెంగ | మే 27, మధ్యాహ్నం 3:30

ఆడవాళ్ల వైపు నుంచి రెండు మాటలు రాయాలనిపించింది. నేనూ కలిసి ఉండే బ్యాచ్‌లోనే ఆరేళ్లుగా ఈదుతున్నాను, రాజమండ్రిలో.

మొదటిది, ఏమని పిలవాలన్నది. బాబాయ్ గారూ అని మీరన్నది మన వైపు మర్యాదే, పెద్దవాళ్లు సంతోషిస్తారు. నడివయసువాళ్లతోనే చిక్కు. నాకు 43. పాతికేళ్ల అమ్మాయి మొదటిరోజే "ఆంటీ, ఈ టైమింగ్ ఎంతవరకు?" అంటే మనసు చివుక్కుమంటుంది. పక్కనే ఇంకొకరిని అక్కా అంటే మరీను. వరస తేలేదాకా "నమస్తే అండీ" అనండి చాలు. అండీకి వయసు లేదు.

రెండోది, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్తాను. స్విమ్ సూట్‌లో తడిసి ఉన్నప్పుడు పరిచయం లేని మగవాళ్లు దగ్గరికి వచ్చి పలకరిస్తే నాకు ఇష్టం ఉండదు, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. నేను తల ఊపి వెళ్లిపోతాను. అదే మనిషి బయట చెప్పుల దగ్గర పలకరిస్తే నిలబడి మాట్లాడతాను. మీ బ్యాచ్‌లో మగవాళ్లు కొందరు మిమ్మల్ని పలకరించకపోవడానికి ఇదీ కారణం కావచ్చు. మర్యాద అనుకునే దూరంగా ఉంటారు, మనకి అది వెలివేసినట్టు కనిపిస్తుంది.

మైనస్5 | మే 27, సాయంత్రం 5:15

సంపెంగ గారూ, మీరు చెప్పింది మగవాడిగా నాకు చాలా ఉపయోగం. ఒక సందేహం. గోడ దగ్గర మీ పక్కనే ఆగాల్సి వచ్చినప్పుడు తల ఊపడం కూడా వద్దంటారా? అసలేమీ అనకుండా ఉంటే మరీ మొరటుగా ఉంటుందేమోనని నా భయం.

సంపెంగ | మే 27, సాయంత్రం 7:40

తల ఊపితే బాగుంటుంది. మాట అక్కర్లేదు. ఇది నా సంగతి మాత్రమే అండీ. మా బ్యాచ్‌లోనే ఒకావిడ "ఒకే నీళ్లలో ఈదుతూ మాట్లాడకపోవడమేంటి" అని మగవాళ్లనీ ఆడవాళ్లనీ పేరుపేరునా పలకరిస్తారు. ఈ విషయం మీద ఆవిడా నేనూ చాలాసార్లు వాదించుకున్నాం, ఇప్పటికీ ఎవరి మాట వాళ్లదే.

డంబెల్ | మే 27, రాత్రి 10:05

నాది జిమ్ సమస్య, ఇక్కడే అడగొచ్చా? అందరికీ చెవుల్లో ఇయర్‌ఫోన్స్. బెంచ్ కావాలంటే అడగాలి, అడిగితే వినబడదు. భుజం తడితే ఒకాయన ఉలిక్కిపడి దాదాపు బరువు జారవిడిచాడు. ఆ రోజు నుంచి ఖాళీ అయ్యేదాకా మూల నిలబడుతున్నాను. గంటలో ఇరవై నిమిషాలు అక్కడే పోతున్నాయి.

కాలువగట్టు | మే 28, ఉదయం 7:50

జిమ్ సంగతి నాకు పెద్దగా తెలియదు. కానీ బరువు చేతిలో ఉన్న మనిషిని వెనక నుంచి ముట్టుకోవద్దు బాబూ. అద్దంలో ఆయనకి కనబడేచోట నిలబడు. బరువు కింద పెట్టాక ఒక చెవిది తీస్తాడు, అప్పుడు "ఇంకెన్ని సెట్లు ఉన్నాయన్నా?" అని అడుగు.

వజ్రాసనం | మే 28, ఉదయం 8:30

మా యోగా క్లాసులో దీనికి పూర్తి వ్యతిరేకం. పాతవాళ్లంతా పది నిమిషాలు ముందే వచ్చి మ్యాట్లు పరుచుకుంటూ మాట్లాడుకుంటారు. సరిగ్గా టైముకి వచ్చేవాళ్లకి ఆ పది నిమిషాలు ఉన్నట్టే తెలియదు. వాళ్లు వచ్చేసరికి కళ్లు మూసుకోమంటారు, ఆఖర్న శవాసనం. అందులోంచి లేచాక ఎవరికీ మాట్లాడాలనిపించదు, మ్యాట్ చుట్టుకుని వెళ్లిపోతాం. నేను ఏడాదిపాటు వీళ్లెవరూ కలుపుకోరని అనుకున్నాను. బస్సు మారి పావుగంట ముందు చేరడం మొదలయ్యాక వారంలో అందరూ తెలిశారు.

పన్నెండోమెట్టు | మే 28, ఉదయం 11:20

నేను పాత బ్యాచ్ మనిషిని. మా వైపు మాట కూడా ఒకటి వినండి.

ఏప్రిల్, మే వచ్చాయంటే పూల్ నిండిపోతుంది. ప్రతి సమ్మర్‌లోనూ కొత్త ముఖాలు ముప్పై నలభై. మొదటి రెండేళ్లు అందరినీ పలకరించాను, పేర్లు అడిగాను, ఈత దిద్దాను. జూన్ 12న బడులు తెరవగానే ముగ్గురో నలుగురో మిగిలేవారు. ఒకమ్మాయికి రోజూ పదేసి నిమిషాలు కేటాయించి బ్రీతింగ్ నేర్పాను. చెప్పకుండానే మానేసింది. బాధేసింది. అప్పటి నుంచి నేనే కాదు, మా గుంపంతా జూన్ దాటేదాకా ఆగుతాం. తప్పే కావచ్చు. కొత్తవాళ్లకి అది ఎలా కనిపిస్తుందో మీ పోస్ట్ చదివాకే తెలిసింది. ఆ మూడు నెలలూ మేం గోడ దగ్గర గుంపుగా ఉండేది కూడా, పిల్లల మధ్య ఈదడానికి జాగా లేక.

కొత్తఈత గారూ, మీరు ఏప్రిల్ క్యాంప్ నుంచి వచ్చారు కాబట్టి వాళ్ల కళ్లకి ఇంకా సమ్మర్ మనిషే. జూన్ నెలాఖరున అక్కడ కనిపించండి, తేడా మీకే తెలుస్తుంది.

సంపెంగ | మే 28, మధ్యాహ్నం 2:00

అంటే కొత్తవాళ్లు రెండు నెలలు మూగగా ఉండి అర్హత సంపాదించుకోవాలా? ఎక్కువమంది మానేసేది ఆ రెండు నెలల్లోనే కదా. ఎవరూ పలకరించకే మానేశారేమో, మీరు ఎప్పుడైనా అడిగారా?

పన్నెండోమెట్టు | మే 28, సాయంత్రం 4:45

అడగలేదండీ. నిజమే.

కాలువగట్టు | మే 28, సాయంత్రం 6:10

కొత్తఈత అమ్మా, బెంచీ దగ్గర మాట కలిపినప్పుడు ఏమనాలా అని ఆలోచిస్తుంటే, ఈ ఒక్క మాట చెప్పండి: "ఏప్రిల్‌లోనే నేర్చుకున్నానండీ, లోతు వైపు ఇంకా ఒంటరిగా వెళ్లట్లేదు." ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. మునిగిపోయేవాళ్లు కేకలు వెయ్యరు, చేతులు ఊపరు. నోరు నీటిమట్టానికి వచ్చీపోతూ ఉంటే ఊపిరికే చాలదు, ఇక కేక ఎక్కడిది? పక్కనున్నవాళ్లకి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. మీరు కొత్త అని తెలిసిన మనిషి అయితే, మీరు లోతు వైపు గోడ వదిలారంటే ఒకసారి చూస్తాడు. గార్డుకి తోడు ఇంకో జత కళ్లు. పిల్లలతండ్రి గారు గార్డు గురించి అడిగారు కదా, బాబుని చేర్పిస్తే మీరూ గట్టు మీద ఈ పని చెయ్యొచ్చు.

ఇంకో సంగతి. ఈ మాట విన్న పాతవాళ్లు కొందరు వెంటనే గురువులైపోతారు. మోచెయ్యి ఎత్తు, కాలు తిన్నగా పెట్టు అంటూ పావుగంట. అందులో సగం మంచి సలహాలే, కానీ మీ గంట అయిపోతుంది. "రెండు రౌండ్లు వేసి వస్తానండీ" అని గాగుల్స్ దించుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

కొత్తఈత | జూన్ 22, ఉదయం 9:10

చాలా రోజులకి వచ్చాను. జరిగింది చెప్తానని అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మర్నాడే వెళ్లగానే నీళ్లలోకి చూశాను. నల్ల గీత, అడ్డగీత, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. నేను రోజూ నిలబడే చోటు సరిగ్గా ఆ అడ్డగీతకీ గోడకీ మధ్యే. మూలకి జరిగాను. ఆ రోజు ఇద్దరు నా పక్క నుంచి ఆగకుండా తిరిగి వెళ్లారు. ఇన్నాళ్లూ నా దగ్గరికి వచ్చి ఆగి, చుట్టూ తిరిగి వెళ్తున్నారని అప్పుడు అర్థమైంది.

బెంచీ దగ్గర పలకరించడానికి ఇంకో వారం పట్టింది. ఆయన ముందే వెళ్లిపోతున్నారు, నేను ఆలస్యంగా లేస్తున్నాను. ఒకరోజు పది నిమిషాలు ముందే గట్టెక్కి కూర్చున్నాను. ఆయన వచ్చి, తువ్వాలుతో చెవులు తుడుచుకుని, బ్యాగ్‌లోంచి కళ్లజోడు డబ్బా తీశారు. అద్దాలు బాగా మందంగా ఉన్నాయి. పెట్టుకుని, తాడు సరిచేసుకునేదాకా ఆగి "నమస్తే బాబాయ్ గారూ" అన్నాను. నా ముఖం వైపు చూశారు, గుర్తుపట్టలేదు. చేతిలో ఉన్న నా క్యాప్ చూసి "ఓ, నీలం టోపీ అమ్మాయివా!" అన్నారు. ఆయనకి పూల్‌లో అందరూ టోపీ రంగులేనట. కుడి చెవి కూడా సరిగా వినబడదట. మీరు చెప్పినట్టే, ఏప్రిల్‌లో నేర్చుకున్నానని, లోతు వైపు భయమని చెప్పాను. "రేపు నేనున్నప్పుడు గోడ పక్కనే రా, చూద్దాం" అన్నారు. మొన్న శనివారం మొదటిసారి పూర్తి 25 మీటర్లు వెళ్లాను. ఆయన పక్క వరసలో నెమ్మదిగా వచ్చారు.

ఇప్పుడు ఆయన గోడ దగ్గర ఆగినప్పుడు నేను చెయ్యెత్తుతాను, ఆయన రెండు వేళ్లు ఎత్తుతారు. మాటలు బెంచీ దగ్గరే.

పిల్లలు తగ్గారు, పన్నెండోమెట్టు గారు చెప్పినట్టు గుంపు కాస్త విచ్చుకుంది. ముగ్గురు వాళ్లంతట వాళ్లే పేరు అడిగారు. కానీ నారింజ రంగు క్యాప్ పెట్టుకునే ఒకావిడ ఉన్నారు. బెంచీ దగ్గరా, చెప్పుల దగ్గరా రెండుసార్లు నమస్తే అన్నాను. కళ్లజోడు లేదు, చెవుల్లో ఏమీ లేదు. విన్నారు, తల తిప్పుకున్నారు. ఎందుకో తెలియదు.

సంపెంగ | జూన్ 22, ఉదయం 11:00

25 మీటర్లు! చాలా సంతోషం అమ్మా.

ఆవిడ సంగతి, నేనైతే ఇంకొకసారి ప్రయత్నిస్తాను, ఒక వారం ఆగి.

కాలువగట్టు | జూన్ 22, సాయంత్రం 6:20

నేనైతే వదిలేస్తాను. కొంతమందికి రోజంతటిలో ఎవరితోనూ మాట్లాడక్కర్లేని గంట అదొక్కటే ఉంటుంది. మా పూల్‌లో ఒకాయన తొమ్మిదేళ్లలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను లోతు వైపు కండరం పట్టేసి గోడ పట్టుకుంటే, గార్డు కంటే ముందు వచ్చి కాలు సాగదీసింది ఆయనే. ఆ మర్నాడు కూడా ఏమీ మాట్లాడలేదు.

లోతు వైపు వెళ్తున్నావు కాబట్టి ఒకటి. అటు చివర నిలబడడానికి ఉండదు, అందరూ గోడ అంచు పట్టుకునే ఆగుతారు. అక్కడ కూడా అడ్డగీతకి ఎదురుగా ఉన్న అంచు వదిలి, పక్కకి జరిగి పట్టుకో.

కొత్తఈత | జూన్ 22, రాత్రి 8:45

అది ఇవాళే తప్పు చేశానండీ. వెనక ఎవరో నా చెయ్యి మీద చెయ్యేశారు. "సారీ" అంటే "పర్లేదు, కొత్తా?" అన్నారు. పేరు అడగడం మర్చిపోయాను. ఎర్ర టోపీ.